తేల్చి చెప్పని పెద్దమనిషి

లండన్‌లో 1783 ప్రాంతంలో మిసెస్ వెసీ, మిసెస్ ఆర్డ్ అనే ఇద్దరు ఇల్లాళ్లు తమ ఇళ్లలో సాయంత్రపు గోష్ఠులు పెట్టేవారు. అక్కడ పేకాట ఉండదు. టీ, కబుర్లు, కొత్త పుస్తకాల మీద చర్చ, అంతే. ఆ గోష్ఠులకు వెళ్లొచ్చిన రాత్రుల్లో ఫ్యానీ బర్నీ అనే అమ్మాయి పెళ్లై వెళ్లిపోయిన చెల్లెలు సూసన్‌కు కాగితాల మీద కాగితాలు నింపేది. ఎవరు వచ్చారు, ఎవరు ఏమన్నారు, ఎవరి టోపీ ఎలా ఉంది అన్న కబుర్ల మధ్య ఒక పేరు మాటిమాటికీ వచ్చేది. ఆ పేరు జార్జ్ కేంబ్రిడ్జ్. ఇవాళ వచ్చాడు, పక్కనే కూర్చున్నాడు. మరోరోజు వచ్చాడు, దూరంగా నిలబడ్డాడు. ఎందుకంటావు?

సూసన్ ఏమని చెప్పాలి? అక్క అడుగుతున్న ప్రశ్నలో సగం అక్కకే తెలియదు. మిగతా సగం ఆ పెద్దమనిషికే తెలియాలి.

పెళ్లీడుకొచ్చిన ఆడపిల్ల తోబుట్టువుకు ఇలాంటి ఉత్తరం రాయడం ఏ కాలంలోనైనా ఉన్నదే. ఇప్పుడైతే వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు పంపి, ‘దీనికి అర్థమేంటే?’ అని అడుగుతారు. ఫ్యానీ ఉత్తరాల ప్రత్యేకత ఏమిటంటే అవి మిగిలాయి. ఒక్క మనిషి గురించి కాదు, ఇరవై ఏళ్లలోపు నలుగురు మగవాళ్ల గురించి ఆమె రాసిన డైరీలూ ఉత్తరాలూ మన చేతికి వచ్చాయి. చివరికి ఎవరు ఏం చేశారో కూడా మనకు తెలుసు. పరీక్ష అయిపోయాక జవాబులు చేతిలో పెట్టుకుని ఆ ఉత్తరాలు చదివే అవకాశం అలా దొరికింది.

ఫ్యానీ 1752లో పుట్టింది. తండ్రి చార్లెస్ బర్నీ సంగీతం చెప్పుకుని బతికిన మనిషి, తర్వాత సంగీత చరిత్ర రాసి పేరు తెచ్చుకున్నాడు. ఆమె మొదటి నవల ‘ఎవెలినా’ 1778లో రచయిత పేరు లేకుండా అచ్చయింది. అది మొత్తం ఉత్తరాల రూపంలో నడిచే నవల. రెండోది ‘సిసీలియా’ 1782లో వచ్చింది. ఊరంతా ఆమెను ఎరిగినవాళ్లే. సూసన్ మూడేళ్లు చిన్నది. ఆ 1782లోనే నౌకాదళ సైనికుడు మోల్స్‌వర్త్ ఫిలిప్స్‌ను పెళ్లాడింది. కెప్టెన్ కుక్‌ను హవాయిలో చంపిన రోజు ఆయన పక్కనే పోరాడి బయటపడ్డ మనిషి ఈ ఫిలిప్స్. చిన్నప్పటి నుంచీ ఫ్యానీకి ఏ మాటైనా సూసన్ చెవిన వేస్తేగానీ తెల్లవారేది కాదు.

ఇక జార్జ్ కేంబ్రిడ్జ్. ఆమెకంటే దాదాపు నాలుగేళ్లు చిన్నవాడు, చర్చి ఉద్యోగంలో ఉన్నవాడు. ట్వికెన్‌హామ్‌లో థేమ్స్ ఒడ్డున వాళ్లకు పెద్ద ఇల్లు. తండ్రి రిచర్డ్ ఓవెన్ కేంబ్రిడ్జ్ కవి, మాటకారి. ఫ్యానీ అంటే ఆ ముసలాయనకు మహా అభిమానం. పదిమందిలో ఆమెను మెచ్చుకుంటాడు, పక్కన కూర్చోబెట్టుకుంటాడు, ఇంటికి రమ్మంటాడు. కొడుకూ మర్యాదగానే ఉంటాడు. ఉండి ఉండి గదికి అడ్డంగా నడిచొచ్చి ఆమెతోనే మాట్లాడతాడు. ఆ తర్వాత ఏమీ లేదు. వారాలు గడిచిపోతాయి. మళ్లీ ఎవరింట్లోనో కలుస్తారు.

చూసేవాళ్లు చూస్తూ ఊరుకోలేదు. ఇద్దరికీ ముడిపెట్టి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మన దగ్గర పెళ్లిచూపులయ్యాక అబ్బాయి వాళ్లు కబురు చెయ్యకపోతే ఇంటిల్లిపాదీ ఎలా నలిగిపోతారో ఊహించండి. ఇక్కడ అసలు పెళ్లిచూపులే జరగలేదు, కబురు రావాలన్న హక్కు కూడా లేదు. జనం మాటలు విన్నాక ఫ్యానీ అతను కనిపిస్తే బిగుసుకుపోయేది. ఆమె బిగుసుకుపోవడం చూసి అతను ఏమనుకున్నాడో, ఆ అనుకున్నదాన్ని బట్టి ఎలా నడుచుకున్నాడో ఎవరికెరుక? మధ్యలో చేరిన ఊరిజనం ఇద్దరి ప్రవర్తననూ మార్చేశారు. దాంతో చెల్లెలికి ఉత్తరంలో చేరుతున్నది అతని మనసు కాదు, అందరి కళ్ల ముందు ఇరుక్కుపోయిన ఇద్దరి నటన.

మరి ఆమే అడిగెయ్యవచ్చుగా? అక్కడే ఉంది చిక్కు. 1774లో డాక్టర్ జాన్ గ్రెగరీ అనే స్కాట్లండ్ వైద్యుడు తన కూతుళ్లకు రాసిపెట్టిన హితబోధ పుస్తకంగా వచ్చింది. ఇంగ్లండ్‌లో ఇంటింటా చదివారు. తన ప్రేమ ఎంతో మగవాడికి పూర్తిగా తెలియనివ్వకూడదని, పెళ్లయ్యాక కూడా తెలియనివ్వకూడదని అందులో చెప్పాడు. అబ్బాయి నోరు విప్పేదాకా అమ్మాయికి ఏ అభిప్రాయమూ లేనట్టే ఉండాలి. చట్టం కూడా అంతే. పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి తప్పితే కోర్టుకు వెళ్లవచ్చు. మాట ఇవ్వకుండా ఏళ్ల తరబడి పక్కన కూర్చుని కబుర్లు చెబితే ఏ కోర్టూ ఏమీ చెయ్యదు. కాబట్టి అతని కుర్చీ ఎంత దూరంలో ఉంది, వెళ్లేటప్పుడు వంగి నమస్కరించాడా లేదా వంటివే సాక్ష్యాలయ్యాయి. వాటిని తూచడానికి తోబుట్టువు తప్ప మరెవరూ లేరు.

ఈ కథ దాదాపు మూడేళ్లు సాగింది. జార్జ్ కేంబ్రిడ్జ్ ఒక్కసారి కూడా అడగలేదు. 1795లో మరొకామెను పెళ్లి చేసుకున్నాడు.

అతనికి పూర్తి విరుద్ధమైన మనిషి ఫ్యానీకి అంతకు ముందే, 1775 మేలో తగిలాడు. పేరు థామస్ బార్లో. ఒక ఇంట్లో టీకి కలిశారు. కొద్ది రోజుల్లోనే పెళ్లి ఉద్దేశంతో ఉత్తరం వచ్చిపడింది. అందులో అయోమయమే లేదు. ఫ్యానీకి అతనంటే ఇష్టం కలగలేదు, అంతే. అక్క హెస్టర్, తండ్రిలాంటి ముసలి స్నేహితుడు శామ్యూల్ క్రిస్ప్ ఒప్పుకోమని పోరారు. మంచి సంబంధం చెయ్యి జారితే తర్వాత ఒంటరిగా ఎలా బతుకుతావని బెదిరించినంత పని చేశారు. తండ్రి కూడా ఆలోచించమనేసరికి ఆమె ఏడ్చి గోలపెట్టింది. చివరికి తండ్రే తగ్గాడు. తొందరపడ్డ బార్లో గెలవలేదు నిజమే. కానీ అతని పద్ధతి గుర్తుపెట్టుకోదగ్గది. ఆ సమాజంలో పెళ్లి చేసుకోదలచినవాడికి నోరు తెరవడానికి దారులు లేకపోలేదు. ఉత్తరం ఉంది, తండ్రి ఉన్నాడు, మధ్యవర్తులున్నారు. వాడుకోవాలని ఉంటే వారం చాలు.

అసలు కొరకరాని కొయ్య తర్వాత వచ్చాడు.

1786 జూలైలో ఫ్యానీ రాణి షార్లెట్ కొలువులో చేరింది. రాణి దుస్తుల సంరక్షకుల్లో రెండో స్థానం, ఏడాదికి 200 పౌన్ల జీతం. పేరుకి గౌరవం, చాకిరీకి అంతులేదు. తెల్లవారకముందే లేవాలి, గంట మోగితే పరిగెత్తాలి. పైఅధికారి మిసెస్ ష్వెలెన్‌బర్గ్ జర్మనీ నుంచి రాణితో వచ్చిన ముసలామె. పెంపుడు కప్పల్ని గాజుపాత్రలో ఉంచుకుని వాటి బెకబెకలకు మురిసిపోయే ఈమె, మనుషుల మాటలకు మాత్రం మండిపడేది. సాయంత్రాల్లో ఆమె పక్కనే కూర్చుని రాజుగారి పరివారానికి టీ పోయడం కూడా ఫ్యానీ ఉద్యోగంలో భాగమే. ఇష్టమైనవాళ్లను చూడాలంటే సెలవు అడుక్కోవాలి. అలాంటి చోట మంచిగా నాలుగు మాటలు మాట్లాడేవాడు దొరికితే ఆ మాటల బరువు పదింతలవుతుంది. ఉత్తరం అందుకున్నవాళ్లు ముందు చూడవలసింది దీన్నే. మనిషి ఎంత గొప్పవాడన్నది తర్వాత, రాస్తున్నామె ఎంత ఒంటరిగా ఉందన్నది ముందు.

ఆ మంచి మాటలవాడు కల్నల్ స్టీఫెన్ డిగ్బీ. రాణికి ఉప ఛాంబర్లేన్, ఒక ఎర్ల్‌కు తమ్ముడు. 1787లో భార్య జబ్బుచేసి చనిపోయింది. చిన్నపిల్లలున్నారు. మితభాషి, చదువరి, గౌట్ నొప్పులతో బాధపడేవాడు. ఎప్పుడూ ఏదో దిగులు. ఫ్యానీ తన ఉత్తరాల్లో అతన్ని అసలు పేరుతో రాయలేదు. ‘ఫెయిర్లీ’ అని మారుపేరు పెట్టుకుంది. రాజభవనంలో కాగితాలు ఎవరి చేతిలో పడతాయో చెప్పలేం కదా. సూసన్, ఆమె ఇంటి దగ్గరే ఉండే స్నేహితురాలు ఫ్రెడెరికా లాక్ మాత్రం ఎవరెవరో ఎరుగుదురు.

1788 జూలైలో రాజు మూడో జార్జ్ ఆరోగ్యం కోసం చెల్టెన్‌హామ్ ఊటనీళ్లకు బయలుదేరాడు. చిన్న ఇల్లు, కొద్దిమంది పరివారం. ష్వెలెన్‌బర్గ్ రాలేదు. రాణి బయటికి వెళ్లిన గంటల్లో డిగ్బీ ఫ్యానీ ఉన్న గదికి వచ్చి పుస్తకాలు చదివి వినిపించేవాడు. అకెన్‌సైడ్ కవిత్వం చదివాడు, సరే. ఆ తర్వాత చదివింది ప్రేమలేఖల సంపుటి. పేరే ‘అసలు ప్రేమలేఖలు’. భార్య పోయిన మగవాడు, పెళ్లికాని ఆడది, ఇద్దరే ఉన్న గది, ప్రేమలేఖల పుస్తకం. ఇన్ని కలిసొచ్చాక ఎవరికైనా అనుమానం రాకుండా ఉంటుందా? కానీ ఆ మాటలు అతనివి కావు, అచ్చులో ఉన్నవి. చదివేవాడు గొంతు ఇచ్చాడు, మాట ఇవ్వలేదు.

ఆ శీతాకాలంలో రాజుకు మతి చలించింది. నవంబర్ చివర్లో అందరినీ విండ్సర్ నుంచి క్యూ భవనానికి తరలించారు. అది వేసవి విడిది. చలికాలంలో మనుషులుండటానికి కట్టింది కాదు. కిటికీల సందుల్లోంచి, తలుపుల కింది నుంచి గాలి ఈలలు వేసుకుంటూ వచ్చేది. డిగ్బీ ఊరుకోలేదు. ఆ సందులకు అడ్డం పెట్టడానికి ఇసుక సంచులు, కాళ్ల కింద వేసుకోవడానికి తివాచీలు తెప్పించాడు. భయంతో వణికిపోతున్న ఆ ఇంట్లో అంతా తలుపులు మూసుకుని గుసగుసలాడుతుంటే, అతను ఫ్యానీ గదికి వచ్చి గంటల తరబడి కూర్చునేవాడు. ఆమె బల్ల దగ్గరే తన ఉత్తరాలు రాసుకునేవాడు. బతుకు గురించి, చావు గురించి, ఓర్పు గురించి మాట్లాడేవాడు. ష్వెలెన్‌బర్గ్ మూతి ముడుచుకునేది. పరివారంలో మిగతావాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకునేవారు.

ఇసుక సంచులు తెప్పించినవాడికి మనసు లేదని ఎలా అనగలం? ఉంది. కానీ ఆ సంచులు ఆమె ఒక్కదాని కిటికీకే కాదు, ఇంట్లో వాళ్లందరి కోసం. ఫ్యానీ రాతలో అవి ఆమె కథలో భాగమైపోయాయి. మనం కాస్త దూరం జరిగి చూస్తే అవి ఒక సమర్థుడైన ఉద్యోగి చేసిన పని.

ఇంతలో మరో పేరు వినిపించసాగింది. రాణి కొలువులోనే ఉన్న షార్లెట్ గన్నింగ్. దౌత్యవేత్త సర్ రాబర్ట్ గన్నింగ్ కూతురు. డిగ్బీకి ఆమె మీద మక్కువ అని వదంతి. ఆ మాట ఫ్యానీ దగ్గర వచ్చినప్పుడల్లా అతను నవ్వులాటగా తీసిపారేసేవాడు. ఆమె ఆ అమ్మాయికి కూడా ఒక మారుపేరు పెట్టింది, ‘మిస్ ఫ్యూజిలియర్’ అని. ఊరు ఒకటి అంటోంది, ఎదురుగా కూర్చున్న మనిషి ఇంకొకటి అంటున్నాడు. ఎవరిని నమ్మాలి? ఫ్యానీ ఎదుటి మనిషినే నమ్మింది. జార్జ్ కేంబ్రిడ్జ్ విషయంలో ఊరు అబద్ధం చెప్పిందని ఒకసారి చూసింది కదా. ఈసారి ఊరే నిజం చెబుతోందని ఆమెకు తోచకపోవడంలో వింత లేదు.

1789 ఫిబ్రవరి నాటికి రాజు కోలుకున్నాడు. ప్రమాదం పోయాక కొలువు మళ్లీ మామూలయింది. డిగ్బీ రాకపోకలు పలచబడ్డాయి. ఆ ఏడాది చివరికి గన్నింగ్‌తో అతని నిశ్చితార్థం వార్త బయటపడింది. 1790 జనవరిలో పెళ్లయింది. ఆ పెళ్లి ఓ ఇంటి హాల్లో, ఆడవాళ్లు చేతిలో కుట్టుపనులు పెట్టుకుని ఉండగానే కానిచ్చారని ఆమె విని రాసుకుంది. ఆ వాక్యాల్లో వెటకారం ఉంది, నొప్పి కూడా ఉంది. పైకి మాత్రం ఆమె అందరితోపాటు శుభాకాంక్షలు చెప్పి, టీ పోసింది.

డిగ్బీ మోసగాడా? అలా అనడం కష్టం. దుఃఖంలో ఉన్నవాడికి వినేవాళ్లు కావాలి. ఫ్యానీ కంటే బాగా వినేవాళ్లు ఆ భవనంలో లేరు. పైగా ఆమె సంగీతం మాస్టారి కూతురు, కట్నమంటూ లేని మనిషి. ఎర్ల్ తమ్ముడికి ఆమె దగ్గర ఎంతసేపు కూర్చున్నా ప్రమాదం లేదన్న ధీమా ఉండి ఉండవచ్చు. కానీ ఒక్క తప్పు మాత్రం అతనిదే. గన్నింగ్ మాట వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే సరిపోయేది. నవ్వి తీసిపారేసిన ప్రతిసారీ అతను తన కుర్చీని ఆ గదిలో భద్రం చేసుకున్నాడు, ఆమె ఏడాదిని ఖర్చుపెట్టాడు.

ఇప్పుడు ఉత్తరాల సంగతికి వద్దాం. ఇంత తెలివైన మనిషి రాస్తే, అంతే తెలివైన చెల్లెలు చదివితే, ముందే ఎందుకు తేలలేదు?

మొదటి కారణం, రాస్తున్నది నవలాకారిణి కావడం. ఫ్యానీ సంభాషణలు గుర్తుపెట్టుకోవడంలో దిట్ట. ఒక సాయంత్రం జరిగిన మాటలన్నీ నాటకంలోలాగా, ఎవరి మాట వాళ్ల పేరుతో, మధ్యలో నవ్వులూ నిట్టూర్పులతో సహా రాసేది. చదువుతుంటే డిగ్బీ మన ముందే కూర్చున్నట్టు ఉంటుంది. సగం వాక్యం అని ఆగిపోతే ఆ ఆగిపోవడం కూడా కాగితం మీదికి వస్తుంది, దానికి అర్థం వచ్చేస్తుంది. నిజంగా గదిలో ఉన్నవాళ్లకు అది దగ్గు వచ్చి ఆగడమే కావచ్చు. బాగా రాసే మనిషి చేతిలో మామూలు మగవాడు కూడా లోతైనవాడిలా కనిపిస్తాడు. అదే రాతలో లేనిదేమిటంటే, అతను రాని రోజులు. వచ్చిన రోజుకు పది పేజీలు, రాని వారానికి ఒక్క వాక్యం. చదివేవాళ్లకు అతను ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది.

రెండో కారణం కాలం. కొలువు చాకిరీలో ఆమెకు రాసే తీరిక లేదు. చిన్న గుర్తులు రాసి పెట్టుకుని, వీలు దొరికినప్పుడు వాటిని పెంచి రాసి కట్టలుగా పంపేది. చాలా భాగాలు నెలల తరబడి వెనకబడ్డాయి. చెల్లెలు సలహా చెప్పేటప్పటికి ఆ కథ ఎక్కడికో వెళ్లిపోయి ఉండేది. అప్పుడది సలహా అడిగే ఉత్తరం కాదు, జరిగిపోయినదానికి సాక్షిగా ఉండమనే ఉత్తరం. అందులోనూ ఓదార్పు ఉంది, కాదనం. కానీ తోబుట్టువు కళ్లతో తన పరిస్థితిని చూసుకోవాలనుకున్న మనిషికి ఆ చూపు అందాల్సినప్పుడు అందలేదు.

మూడోదే అన్నిటికంటే పెద్దది. కేంబ్రిడ్జ్ విషయంలోనూ డిగ్బీ విషయంలోనూ సూసన్ ముందు ఉన్నది ఎక్కువగా అక్క రాత. తన అనుమానాలతో, తన ఆశలతో అక్క వడకట్టి పంపిన వార్త. దాన్ని బట్టి తీర్పు చెబితే అది అక్క తీర్పునే తిరిగి అక్కకు పంపినట్టవుతుంది.

నాలుగో మనిషి దగ్గర ఇది తలకిందులైంది. ఫ్యానీ ఆరోగ్యం చెడి 1791 జూలైలో కొలువు వదిలేసింది. రాణి ఏడాదికి 100 పౌన్ల పింఛను ఇచ్చింది. అప్పటికి ఫ్రాన్స్‌లో విప్లవం ముదిరి, పారిపోయి వచ్చిన కొందరు ఫ్రెంచివాళ్లు 1792లో సర్రేలోని జూనిపర్ హాల్‌లో తలదాచుకున్నారు. సూసన్ కాపురం ఆ పక్కనే మికిల్‌హామ్‌లో. ఈసారి ఉత్తరాలు ఎదురు దిశలో నడిచాయి. ఆ శరదృతువంతా చెల్లెలే అక్కకు రాసింది. వాళ్లలో ఒకతను అలెగ్జాండర్ దార్బ్లే, లఫయెత్ దగ్గర పనిచేసిన సైనికాధికారి. నెమ్మదస్తుడు, నిజాయితీపరుడు. ఫ్యానీ అతన్ని కలవకముందే సూసన్ అతనితో మాట్లాడింది, ఇంటికి పిలిచింది, ఎలాంటివాడో స్వయంగా చూసింది.

1793 జనవరిలో ఫ్యానీ, మికిల్‌హామ్ పక్కనే ఉన్న లాక్ దంపతుల ఇంటికి వచ్చింది. ఆ నెల 21న ఫ్రెంచి రాజు పదహారో లూయీ తల నరికారు. ఆ వార్తతో కుప్పకూలిపోయిన దార్బ్లేను ఆమె చూసింది. తర్వాత ఇద్దరూ ఒకరికొకరు పాఠాలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆమె ఫ్రెంచిలో వ్యాసం రాస్తే అతను దిద్దుతాడు, అతను ఇంగ్లిషులో రాస్తే ఆమె దిద్దుతుంది. చదవడానికి ముచ్చటగా ఉన్నా, ఇది కూడా చెల్టెన్‌హామ్ పుస్తక పఠనం లాంటిదే కావచ్చుగా? కాలేదు. కొద్ది నెలల్లోనే అతను పెళ్లి మాట ఎత్తాడు. తన దగ్గర చిల్లిగవ్వ లేదని, ఆస్తంతా ఫ్రాన్స్‌లో పోయిందని చెప్పాడు. ఫ్యానీ ఊగిసలాడింది. ఆలోచించుకోవడానికి చెసింగ్టన్ వెళ్లి కూర్చుంది. అక్కడి నుంచి సూసన్‌కు రాసింది.

గమనించండి, ఈ ఉత్తరాల్లో ప్రశ్న మారిపోయింది. అతని మనసులో ఏముందన్నది ఇప్పుడు ప్రశ్న కాదు. తను ఏం చెయ్యాలన్నదే. విదేశీయుడు, కాథలిక్కు, నిరుపేద. పెళ్లాడితే రాణి పింఛను ఆపేస్తుందేమో. తండ్రి ససేమిరా అంటున్నాడు. ఇవి లెక్క వేసుకోగల చిక్కులు. చెల్లెలు లెక్క వేసి పెట్టగలదు, పెట్టింది కూడా. సూసన్, లాక్ దంపతులు తండ్రికి నచ్చజెప్పారు. ఆయన చివరికి అయిష్టంగానే ఒప్పుకున్నాడు గానీ పెళ్లికి రాలేదు. 1793 జూలై 28న మికిల్‌హామ్ చర్చిలో అన్న జేమ్స్ కన్యాదానం చేశాడు. ఫ్యానీకి అప్పుడు 41 ఏళ్లు. మరుసటి ఏడాది డిసెంబర్‌లో కొడుకు పుట్టాడు. మూడో నవల ‘కమిల్లా’ చందాల మీద వచ్చిన డబ్బుతో సొంత ఇల్లు కట్టుకున్నారు. దార్బ్లే 1818లో పోయేవరకూ ఆ కాపురం సవ్యంగా సాగింది.

నలుగురినీ ఒక వరుసలో పెట్టి చూస్తే అయోమయం చాలావరకు విడిపోతుంది. బార్లో కొద్ది రోజుల్లో అడిగాడు. దార్బ్లే కొద్ది నెలల్లో అడిగాడు. కేంబ్రిడ్జ్ మూడేళ్లలో అడగలేదు, డిగ్బీ ఏడాదిన్నరలో అడగలేదు. చూపులు, పుస్తకాలు, ఇసుక సంచులు ఇవన్నీ పక్కన పెట్టి, తేదీలు మాత్రం ఒక కాగితం మీద రాసుకుని ఉంటే సూసన్‌కు చెప్పడానికి ఒక మాట దొరికేది. ఇతను ఎలాంటివాడో నాకు తెలియదు గానీ, అడగదలచినవాళ్లు ఇంత కాలం తీసుకోరు అక్కా అని. అది విని ఫ్యానీ ఊరుకునేదా అంటే, అనుమానమే. మనసు పడ్డాక తేదీలు ఎవరికి గుర్తుంటాయి?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అక్కకు అంత చక్కగా మనుషుల్ని అంచనా వేసి పెట్టిన సూసన్ సొంత సంసారం నరకమైంది. కుక్ పక్కన పోరాడిన వీరుడు ఇంట్లో కఠినుడని తేలింది. 1796లో భార్యను ఐర్లండ్ తీసుకుపోయి, అక్కడే ఉంచేశాడు. పుట్టింటికి పంపమంటే ఏళ్ల తరబడి వాయిదాలు వేశాడు. చివరికి జబ్బుతో ఇంగ్లండ్ తీరం చేరిన ఆమె ఇంటికి రాకుండానే 1800 జనవరి 6న పార్క్‌గేట్ రేవులో చనిపోయింది. ఫ్యానీ ఏటా ఆ రోజును సంతాపదినంగా పాటించింది. పెళ్లికి ముందు తేల్చి చెప్పినవాడల్లా మంచి మొగుడవుతాడన్న హామీ ఏమీ లేదు. తేల్చి చెప్పడం వల్ల అయోమయం పోతుంది, అంతవరకే.

జార్జ్ కేంబ్రిడ్జ్ తర్వాత ఆర్చ్‌డీకన్ స్థాయికి ఎదిగాడు. ఫ్యానీకి అతనితో స్నేహం చెడలేదు. ఆమె కొడుకు మతాచార్యుడైనప్పుడు కామ్డెన్ టౌన్‌లోని కొత్త చర్చిలో అతనికి చోటు ఇప్పించింది ఈ పెద్దమనిషే. నలభై ఏళ్ల కిందట నోటితో చెప్పనిది ఏదైనా ఉందనుకుంటే, అది ఆ ఉద్యోగంతో తీరిందని అనుకోవాలి.

ముసలితనంలో ఫ్యానీ తన కాగితాలన్నీ ముందేసుకుని, ఇతరులు చదవకూడదనుకున్న భాగాల మీద చిక్కటి సిరాతో గీతలు కొట్టింది. ఆమె 1840లో చనిపోయింది. రెండేళ్ల తర్వాత మేనకోడలు షార్లెట్ బారెట్ డైరీలను అచ్చు వేయడం మొదలుపెట్టినప్పుడు డిగ్బీ ఇంకా ‘ఫెయిర్లీ’గానే ఉన్నాడు. ఆ కాగితాల్లో ఎక్కువ భాగం ఇప్పుడు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలోని బెర్గ్ సేకరణలో, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఇరవయ్యో శతాబ్దపు పండితులు ఆ సిరా గీతల కింది అక్షరాలను ఓపికగా చదివి చాలావాటిని వెలికితీశారు. ఆమె కొలువులో ఉన్న అయిదేళ్ల రాతలు 2011 నుంచి 2019 వరకు ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా ఆరు సంపుటాల్లో వచ్చాయి.